నాలుగు లైన్లలో నలుగురు అతిథులు

మొత్తానికి నాలుగు లైన్ల చట్టం వచ్చేసింది. కాలనీ సంఘాలు, సేవా సమితులు, పూర్వ విద్యార్థుల సంఘాలు, ఆఖరికి వినాయక మండపం కుర్రాళ్లు కూడా ఏకగ్రీవంగా ఆమోదించేశారు. కరపత్రం అచ్చేయించి ఇంటింటికీ పంచడం మొరటు పనట. దాన్నే ఫొటోగా గ్రూపులో పడేసి, కింద నాలుగు లైన్ల క్యాప్షన్ తగిలిస్తే నాగరికతట. ఐదో లైను రాసినవాణ్ణి పాతకాలపు మనిషిగా లెక్క కట్టి, తర్వాతి కమిటీ మీటింగులో టీ కూడా ఆలస్యంగా ఇస్తారు. కారణం అడిగితే అందరిదీ ఒకే జవాబు: "జనం చదవరండీ." ఈ మాట చెబుతున్నది ఎవరంటే, తాము వేయించిన కరపత్రం తామే చదవని పెద్దలు.

కోత పెట్టడం మీద నాకు కోపం లేదు. మన కరపత్రానికి కోత పడాల్సిందే. ఈ మధ్య అందరి ఫోన్లలో తిరుగుతున్న ఉచిత కంటి, షుగర్ పరీక్షల శిబిరం కరపత్రాన్నే తీసుకోండి. ఊరి పేరు మీ ఇష్టం, సరుకు ఎక్కడైనా ఒకటే. నెత్తిన దైవ ప్రార్థన, దాని కింద సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్నో వార్షికోత్సవమో ఆ వివరం, ఎవరి జ్ఞాపకార్థమో వారి ఫొటో. ఆ తర్వాత కోడిగుడ్డు ఆకారపు చట్రాల్లో నాయకుల ముఖాలు, పదవిని బట్టి పెద్దవీ చిన్నవీ. మధ్యలో ఎర్రని పెద్ద అక్షరాల్లో 'మెగా', 'ఉచిత'. తేదీ, వేళ, స్థలం. అతిథుల జాబితా. కమిటీ సభ్యుల జాబితా. అయిదు ఫోన్ నంబర్లు. 'అందరూ ఆహ్వానితులే'. అన్నిటికన్నా అడుగున, ప్రెస్సు పేరుకి కొంచెం పైన, చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు ముక్కలు ఉంటాయి: షుగర్ పరీక్షకు పరగడుపున రావాలి, పేర్ల నమోదు 11 గంటల వరకే, కంట్లో చుక్కలు వేస్తారు కనుక తోడు ఉండాలి, ఆధార్, పాత మందుల చీటీలు తేవాలి.

ఇంత రద్దీలోంచి నాలుగు లైన్లు ఏరమని ఎవరికైనా ఇస్తే ఏం చేస్తారు? మనవాళ్లు చేసింది ఇది:

"ప్రియతమ నాయకులు, గౌరవనీయులు శ్రీ ఫలానా గారి దివ్య ఆశీస్సులతో...
ముఖ్య అతిథి శ్రీ ఫలానా గారు, విశిష్ట అతిథి శ్రీ ఫలానా గారు, ఆత్మీయ అతిథి శ్రీమతి ఫలానా గారి సమక్షంలో...
ఈ ఆదివారం మన కమ్యూనిటీ హాల్లో మెగా ఉచిత శిబిరం! ఉచిత కళ్లద్దాలు!!
అందరూ ఆహ్వానితులే. తప్పక విచ్చేసి విజయవంతం చేయగలరు."

చూశారా నైపుణ్యం? అడుగున ఉన్న ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. అతిథి మాత్రం ఒక్కరు కూడా జారిపోలేదు.

అతిథుల దగ్గర కాస్త ఆగుదాం, తొందరేం లేదు. మన సభల్లో అతిథి అన్నది ఒక జాతి కాదు, వంశవృక్షం. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని శాఖలు. విశిష్టానికీ గౌరవానికీ తేడా ఏమిటని ఒక కార్యదర్శి గారిని అడిగాను. "ముందు ముఖ్యం నిండిపోద్దండి, తర్వాత విశిష్టం, అది కూడా నిండితే గౌరవం" అన్నారు. మరి ఆత్మీయం? "చందా ఇచ్చినవాళ్లు." ఇంత స్పష్టమైన వర్గీకరణ వృక్షశాస్త్రంలో కూడా లేదు.

పోనీ, పేర్లు పెట్టారు. వరసైనా తేలుతుందా? క్యాప్షన్లో ఎవరి పేరు ముందు రావాలన్న దాని మీద జరిగే చర్చ శిబిరం ఎక్కడ పెట్టాలన్న దాని మీద జరగదు. కరపత్రంలోనైతే ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఎవరు ముందో ఎవరు వెనకో తేలకుండా సర్దుకునేవారు. క్యాప్షన్‌తో వచ్చిన చిక్కల్లా అది ఒకదాని తర్వాత ఒకటిగా చదివేది కావడం. అందులో ఎవరో ఒకరు రెండోవాళ్లు కాక తప్పదు. ఆ రెండోవారి తమ్ముడు గ్రూపులో 'గుర్తుంచుకుంటాం' అని పెడతాడు. దానికి విరుగుడుగా 'దివ్య ఆశీస్సులతో' అని ఇంకొక లైను పుట్టింది. మొదటి స్థానం ఇవ్వలేని పెద్దమనిషిని ఏకంగా ఆకాశంలో కూర్చోబెట్టడానికి పనికొచ్చే లైను అది.

ఇక్కడే బుద్ధిమంతుడెవడో 'తదితరులు' అని రాసి చోటు మిగల్చబోయాడు. తెలుగునాట ఒక మనిషికి చేయగల అవమానాల్లో 'తదితరులు' మహా పెద్దది. పేరు వేయకపోతే మర్చిపోయారనుకుంటారు. తదితరుల్లో కలిపితే గుర్తు పెట్టుకుని మరీ కలిపారని అర్థం. ఆ కుర్రాణ్ణి క్యాప్షన్ బాధ్యతల నుంచి తప్పించి పార్కింగ్ చూసుకోమన్నారు.

గౌరవ వాచకాల సంగతి ఇంకొకటి. 'శ్రీ' తీయకూడదు, 'గారు' తీయకూడదు, 'గౌరవనీయులు' తీస్తే ఇక చెప్పక్కర్లేదు. నేను ఆ క్యాప్షన్లో శ్రీలూ గారులూ గౌరవాలూ ఆశీస్సులూ పక్కన పెట్టి చూశాను. ఏకంగా ఒక లైను ఖాళీ అయింది. 'షుగర్ పరీక్షకు పరగడుపున రావాలి, పేర్ల నమోదు 11 వరకే' అన్నది ఆ ఖాళీలో హాయిగా పట్టేది. అంటే చోటు లేక పోలేదు. చోటు ఉంది, మర్యాద కూర్చుంది.

ఇంకా ఉంది. ఆ అతిథుల్లో ఒక్కరైనా ఎవరి కంట్లోనైనా లైటు వేసి చూస్తారా? రక్తం తీస్తారా? చీటీ రాస్తారా? జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని, నాలుగు ముక్కలు మాట్లాడి, పది నిమిషాల్లో కారెక్కుతారు. కళ్లు చూసేది కంటి డాక్టరా, లేక పవర్ చూసి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టా అన్నది మాత్రం క్యాప్షన్లో వెతికినా దొరకదు. ఆ తేడా తెలిస్తే శుక్లాలున్న ముసలాయన వెళ్లాలో వద్దో తేల్చుకుంటాడు. కరపత్రంలో డాక్టర్ల పేర్లూ డిగ్రీలూ ఉన్నాయి. కోత పడింది వాళ్లకే. డాక్టరు పేరు లేకపోతే ఏ డాక్టరూ తమ్ముణ్ణి గ్రూపులోకి పంపడు కదా.

బొమ్మల సంగతి ఒక్క మాటలో సరి: కంటి శిబిరం క్యాప్షన్లో నల్లద్దాలు పెట్టుకుని నవ్వే పసుపు ముఖాలెందుకో రాసినవారికే తెలియాలి. హ్యాష్‌ట్యాగుల సంగతీ అంతే: '#మెగాశిబిరం' అని వెతుక్కుంటూ వచ్చే డెబ్బయ్యేళ్ల మామ్మగారు నాకింకా తారసపడలేదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ క్యాప్షన్ చదివి వచ్చినవాళ్ల సంగతి చూద్దాం.

ఈమధ్య ఒక శిబిరం దగ్గర నిలబడి చూశాను. పక్క ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన పెద్దావిడను బల్ల దగ్గర అమ్మాయి "ఏమైనా తిన్నారా మామ్మా?" అని అడిగింది. "రెండిడ్లీలు తిన్నానమ్మా, మాత్ర వేసుకోవాలి కదా" అంది ఆవిడ. "అయ్యో, పరగడుపున రావాలి మామ్మా. కరపత్రంలో వేశాం కదా." ఆవిడ తన ఫోను చూపించింది. మనవడు పంపిన మెసేజి అందులో ఉంది. అదే నాలుగు లైన్లు. ఆశీస్సులున్నాయి, సమక్షం ఉంది, పరగడుపు లేదు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టారు. తర్వాత ఇంకొకర్ని. తర్వాత ఇంకొకర్ని. వేదిక మీద అదే సమయానికి ఆత్మీయ అతిథికి శాలువా కప్పుతున్నారు.

దీన్ని చూసి నవ్వడం నా వల్ల కాలేదు. పరగడుపు అన్నది మర్యాద కోసం రాసిన ముక్క కాదు. ఆ పరీక్షకి కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ లోపలికి వెళ్లకూడదు. అప్పుడు తీసిన రక్తంలో చక్కెర 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అనుమానించి, మళ్లీ పరీక్ష చేసి తేలుస్తారు. ఇడ్లీ తిన్న అరగంటకు 150 వచ్చిందనుకోండి, దాన్నిబట్టి ఏం తేలుస్తారు? ఏమీ తేల్చలేరు. జబ్బు లేనివాళ్లకి కూడా తిన్నాక కొంత పెరుగుతుంది. ఆ ఒక్క మాట కోసేసినందుకు ఆటో డబ్బులు దండగ, ఆవిడ రోజు దండగ. మళ్లీ శిబిరం పెట్టేదాకా ఆవిడ షుగర్ ఎంతో ఎవరికీ తెలియదు. ఇదంతా ఒక 'గారు' కింద నలిగిపోయింది.

ఇంకొక శిబిరంలో దీనికి ఎదురు తప్పు జరిగింది. ఆ క్యాప్షన్ రాసినాయన పరగడుపు మాట మర్చిపోలేదు. దాని ముందున్న 'షుగర్ పరీక్షకు' అన్నది కోసి 'పరగడుపున రావాలి' అని మాత్రం ఉంచాడు. దాంతో కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లంతా ఎండలో మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉన్నారు. వాళ్లలో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లూ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లూ ఉంటారు. మందు వేసుకుని తినకుండా కూర్చుంటే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరగొచ్చు. షరతు ఎవరికి వర్తిస్తుందో అది తీసేసి షరతును మాత్రం మిగిల్చితే, దాన్ని అందరి నెత్తినా పెట్టినట్టే. అలాంటి కోతకన్నా మొత్తంగా తీసేయడమే నయం. కనీసం సందేహం వచ్చినవాడు ఫోన్ చేసి అడుగుతాడు.

కంటి చుక్కల కథా ఇదే. రెటీనా చూడాలంటే కంటిపాప పెద్దది కావాలి. అందుకు చుక్కలు వేస్తారు. వేశాక కొన్ని గంటల పాటు దగ్గరివి మసకబారతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. స్కూటర్ మీద ఒంటరిగా వచ్చిన పెద్దాయన ఆ కళ్లతో హైవే దాటి ఎలా వెళ్తాడు? 'తోడు ఒకరిని తెచ్చుకోండి, బండి నడుపుకుంటూ రావద్దు' అన్న మాట ఇంట్లో బయల్దేరక ముందు తెలియాలి. శిబిరంలో చుక్కలు వేశాక తెలిస్తే లాభం లేదు. శిబిరంలో చెబుతాం కదా అనేవాళ్లకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. ఇంటి గడప దాటక ముందు తెలియాల్సినవి క్యాప్షన్లో ఉండాలి. వచ్చాక తెలిసినా పర్వాలేనివి శిబిరం గోడ మీద ఉంటే చాలు. ఉప్మానో పులిహోరో పెడతారన్న సంగతి కూడా గోడ మీద రాసుకోవచ్చు. 'అందరూ ఆహ్వానితులే' అన్న ముక్క అసలెక్కడా అక్కర్లేదు. రావద్దని ఎవరన్నారు గనక?

ఇక వేళ. కరపత్రంలో రెండు వేళలున్నాయి: శిబిరం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు, పేర్ల నమోదు 8 నుంచి 11 వరకే. ఒకటే ఉంచాలంటే ఏది ఉంచుతారు? మనవాళ్లు, ఏదో ఒకటి మిగిల్చిన అరుదైన సందర్భాల్లో, పెద్ద అక్షరాల్లో ఉన్న '9 నుంచి 1' ఉంచుతారు. అది డాక్టర్ల వేళ. వచ్చేవాడికి కావాల్సింది తలుపు మూసే వేళ. పన్నెండుకి వచ్చినవాడికి "టైమైపోయిందండి" అంటే, వాడు క్యాప్షన్ చూపించి తగువు పడతాడు. తప్పు వాడిదంటారా?

'ఈ ఆదివారం' అన్నది ఇంకొక పాపం. మెసేజి రాసినవాడికి ఈ ఆదివారం ఏదో తెలుసు. అది సోమవారం నాడు ఇంకో గ్రూపులోకి ఫార్వర్డ్ అయితే 'ఈ ఆదివారం' ఒక వారం ముందుకి జరుగుతుంది. 'రేపే' అన్నదైతే రోజూ జరుగుతూనే ఉంటుంది. అందుకే తేదీ, నెల, వారం మూడూ ఉండాలి. తేదీ ఉంటే వారం ఎందుకంటారా? తేదీ కొట్టడంలో పొరపాటు జరిగితే పట్టించేది వారమే. 15 మార్చి 2026 ఆదివారం. ఎవరైనా పొరపాటున 16 అని కొట్టి పక్కన ఆదివారం అని రాస్తే, చదివేవాడికి అనుమానం వచ్చి అడుగుతాడు. వారం లేకపోతే సోమవారం పొద్దున్నే వచ్చి మూసిన గేటు ముందు నిలబడతాడు. ఏడాది కూడా వేయండి. మన గ్రూపుల్లో శిబిరాలకు మరణం లేదు; మూడేళ్ల కిందటి ఉచిత శిబిరం ఇప్పటికీ ఎవరో ఒకరు 'అవసరమైనవారికి చేరవేయండి' అంటూ పంపుతూనే ఉంటారు.

ఉచిత కళ్లద్దాలు మర్చిపోలేదు లెండి. కరపత్రంలో ఉన్నది ఇది: 'అర్హులైన వారికి దగ్గరి చూపు కళ్లద్దాలు, నిల్వ ఉన్నంత వరకు ఉచితం'. క్యాప్షన్లోకి వచ్చేసరికి 'ఉచిత కళ్లద్దాలు!!' అయింది. 'అర్హులు' పోయారు, 'దగ్గరి చూపు' పోయింది, 'నిల్వ' పోయింది. మిగిలింది ఒక అబద్ధం, రెండు ఆశ్చర్యార్థకాలు. వాగ్దానాన్ని ఉంచి షరతును కోసే హక్కు సంక్షిప్తం పేరుతో ఎవరికీ రాదు. షరతుకి చోటు లేకపోతే వాగ్దానానికీ చోటు లేనట్టే, రెండూ తీసేయండి. దూరపు చూపు అద్దాల కోసం వచ్చి, మూడు గంటలు నిలబడి, ఖాళీ చేతులతో వెళ్లినాయన ఆ సంఘాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ అచ్చు వేయడం కుదరదు. వాటిలో ఒక్కటి కూడా అన్యాయంగా అనిపించలేదు.

ఇవన్నీ చెబితే కమిటీ వారి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంటుంది: "కరపత్రం ఫొటో పైన ఉంది కదండీ, అందులో అన్నీ ఉన్నాయి." ఉన్నాయి. ఎవరికి కనబడతాయి? కంటి శిబిరానికి వచ్చేవాడికి చీమ తలకాయంత అక్షరాలు కనబడితే వాడు శిబిరానికి ఎందుకొస్తాడు స్వామీ! పైగా వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది. అలా చేరిన కరపత్రంలో నాయకుల ముఖాలు మిగులుతాయి, అడుగున ఉన్న అక్షరాలు బూజు పట్టిన గీతలవుతాయి. డేటా ఖర్చవుతుందని ఫొటోలు వాటంతట అవి దిగకుండా ఆపుకున్న పెద్దవాళ్లకి కనబడేది మసక ముద్ద మాత్రమే. చూపు లేనివారికి ఫోను మెసేజిని చదివి వినిపిస్తుంది. ఫొటోలో అచ్చైన అక్షరాల్ని అంత సులువుగా చదవలేదు. ఇక క్యాప్షన్‌ని మాత్రం కాపీ చేసి వేరే గ్రూపులో వేసేవాడు, ఫొటోని మాత్రం స్టేటస్‌లో పెట్టేవాడు వీధికొకడుంటాడు. ఫొటో, క్యాప్షన్ జంటగా బయల్దేరి జంటగా చేరతాయన్న నమ్మకం పెట్టుకోకండి.

ఫోన్ నంబరు విషయంలోనూ అంతే. ఫొటోలో ఉన్న నంబరును చాలామంది కాగితం మీద రాసుకుని, మళ్లీ చూసి కొట్టుకోవాల్సిందే. మెసేజిలో అక్షరాలుగా ఉంటే వేలు పెడితే చాలు, కాల్ వెళ్తుంది. మనవాళ్లు క్యాప్షన్లో నంబరు ఎందుకు తీసేశారో తెలుసా? అయిదు నంబర్లకి చోటు చాలలేదు. ఒక్కటే వేస్తే మిగతా నలుగురు అలుగుతారు. ఆ అయిదింట్లో శిబిరం రోజు ఎత్తేది ఒక్కటే, అది కోశాధికారి గారి మేనల్లుడిది. ఆ ఒక్కటీ వేయండి.

నాలుగు లైన్లే అన్న నియమం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో కూడా చూద్దాం. ఇదే క్యాప్షన్ గ్రూపు దాటి ఇన్‌స్టాగ్రామ్‌కీ ఎక్కుతుంది; అక్కడ క్యాప్షన్‌కి 2,200 అక్షరాల దాకా చోటు ఉంది. మన కరపత్రంలో పనికొచ్చే సమాచారమంతా రాసినా అందులో సగం కూడా నిండదు. కాకపోతే మొదట కనబడేది సుమారు 125 అక్షరాలే, మిగతాది వేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఆ లెక్కలో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడతాయి. 'స్త్రీ' అని మనం ఒక్క అక్షరంగా చదివేది యంత్రం లెక్కలో ఆరు. తెలుగులో ఆ 125 మనం అనుకున్నదానికన్నా త్వరగా అయిపోతాయి. కాబట్టి అసలు నియమం మొత్తం ఎన్ని లైన్లన్నది కాదు, మొదటి లైన్లో ఏముందన్నది. మన క్యాప్షన్లో ఆ విలువైన మొదటి లైను 'దివ్య ఆశీస్సులతో'కే సరిపోతుంది. వేలు పెట్టనివాడికి అందేది ఆశీస్సులూ అతిథులే.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా చెబుతాను, చాలామందికి తట్టదు. మన ఊళ్లలో డీటీపీ షాపువాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తారు. చూడ్డానికి అచ్చ తెలుగే. అక్కణ్ణుంచి కాపీ చేసి ఫోన్లో వేస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. అంటే క్యాప్షన్ రాసేవాడు కరపత్రాన్ని చూస్తూ మళ్లీ మొదట్నుంచి కొట్టుకోవాలి. 11 కాస్తా 1 అయ్యేది, నంబర్లో 9 కాస్తా 6 అయ్యేది అక్కడే. కొట్టాక, కరపత్రం ఒకరు పట్టుకుని, ఫోను ఇంకొకరు పట్టుకుని, అంకెలున్న ప్రతిచోటా పైకి చదువుకోవాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ ప్రస్తుతం గౌరవనీయుల వరస మీద ఖర్చవుతున్నాయి.

స్థలం రాయడంలోనూ ఇలాగే. 'మన కమ్యూనిటీ హాల్' అంటే మనకి తెలుసు, పక్క ఊరి మామ్మకి తెలియదు. పైగా ఏ ఊళ్లోనైనా పాతదొకటి, కొత్తదొకటి ఉంటాయి. ప్లాట్ నంబరు, రోడ్ నంబరు, పిన్ కోడ్ తీసేసినా ఎవరూ దారి తప్పరు. ఆటో అబ్బాయికి చెప్పగలిగే గుర్తు ఒక్కటి, ఊరి పేరు ఒక్కటి తీస్తే తప్పుతారు.

మరి నువ్వు రాసి చూపించు అంటారు. అదే శిబిరానికి ఇదిగో:

"ఉచిత కంటి, షుగర్ పరీక్షలు. 15 మార్చి 2026, ఆదివారం. పేర్ల నమోదు ఉదయం 8 నుంచి 11 వరకే.
ఎక్కడ: కమ్యూనిటీ హాల్, పాత వాటర్ ట్యాంకు పక్కన, (ఊరి పేరు).
షుగర్ పరీక్షకు వచ్చేవాళ్లు పరీక్షకు ముందు కనీసం 8 గంటల పాటు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు. టిఫినూ, షుగర్ మాత్రలూ వెంట తెచ్చుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మీ డాక్టరును అడిగి రండి.
కంటి పరీక్షకు మాత్రమే వచ్చేవాళ్లు తినే రావచ్చు.
కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బండి నడుపుకుంటూ రావద్దు, తోడు ఒకరుండాలి.
ఆధార్, పాత మందుల చీటీలు తేవాలి.
అడగాలంటే: (ఎత్తే మనిషి నంబరు)."

మొదటి లైను 125 అక్షరాల లోపే ఉంది. వేలు పెట్టకపోయినా ఏమిటో, ఎప్పుడో, తలుపు ఎప్పుడు మూస్తారో తెలుస్తుంది. కళ్లద్దాల వాగ్దానం తీసేశాను, షరతుతో సహా. అర్హులకి అక్కడ ఇస్తే సంతోషిస్తారు, ఆశపడి వచ్చి తిట్టుకోరు. డాక్టరు సంగతి ఒక్కటి కలపాలని ఉంది; వచ్చేది కంటి డాక్టరే అని ఖాయమైతే కలుపుతాను, వస్తారో రారో తెలియని పేరు వేయను. మొత్తం లెక్కపెడితే నాలుగు లైన్లు దాటింది. నిజమే. ఏ లైను తీస్తే ఎవరు నష్టపోరో కమిటీ వారు చూపించాలి. నేను తీసిన ప్రార్థన, రిజిస్ట్రేషన్ నంబరు, వార్షికోత్సవం, పదకొండు పేర్ల వల్ల ఎవరైనా తప్పు రోజున, తప్పు చోటికి, తప్పు కడుపుతో వస్తారేమో కూడా చూపించాలి.

ఒక్క మినహాయింపు మాత్రం చెప్పాలి, లేకపోతే ఎన్నికల్లో నా మాట పట్టుకుని ఎవరో ఇరుక్కుంటారు. ఎన్నికల కరపత్రాల మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చెబుతుంది. కంటి శిబిరం కరపత్రానికి ఆ బెడద లేదు. ప్రెస్సు పేరు నిశ్చింతగా వదిలేయండి.

కార్యదర్శి గార్లకి ఒక విజ్ఞప్తి. పంపే ముందు ఫొటో పక్కన పెట్టి, ఆ క్యాప్షన్ ఒక్కటీ ఊళ్లో ఉన్న మీ అమ్మగారికి ఫోన్లో చదివి వినిపించండి. ఆవిడ తిరిగి ఏ ప్రశ్న అడిగితే ఆ జవాబు క్యాప్షన్లో లేదన్నమాట. అది రాసి, అప్పుడు పంపండి. 'విశిష్ట అతిథి ఎవర్రా?' అని మాత్రం ఆవిడ అడగదు. అతిథుల పేర్లు శిబిరం ముగిశాక, సాయంత్రం, ధన్యవాదాల మెసేజిలో వేసుకోండి. శ్రీలూ గారులూ ఆశీస్సులూ ఎన్ని కావాలంటే అన్ని, నలభై లైన్లు రాసుకోండి. అది చదవాల్సిన అవసరం అప్పటికి ఎవరికీ ఉండదు.